కాపీ రెండు రూపాయల ఎనభై పైసలే!

మనకెంత కావాలన్నది పక్కనపెట్టి, ఎక్కువ తీసుకుంటే రేటెంత తగ్గుతుందని అడిగే జాతి ఒకటుంది. నేను ఆ జాతివాణ్ణి. మీరూ అంతే అయ్యుంటారు, కాకపోతే బయటపడరు. అరడజను అరటిపళ్లకి వెళ్లి గెల మోసుకొచ్చినవాళ్లం, ఒక చొక్కా కొనబోయి మూడో చొక్కా ఫ్రీ అని రెండు కొన్నవాళ్లం కదా మనం! అందుకే మీ దగ్గర నాకు సిగ్గేమీ లేదు. మా ఇంట్లో ఈ కథ ఎత్తితే మాత్రం నేను పెరట్లోకి వెళ్లిపోతాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. గుర్తుపెట్టుకోండి, ముందుముందు నవ్వుకోవడానికి పనికొస్తుంది.

రాజమండ్రిలో మాకు చుట్టాలెక్కువ. రిటైరయ్యాక వాళ్లలో కొందరిని కాశీ, గయ, ప్రయాగ తిప్పి తీసుకొచ్చాను. రూములు శుభ్రంగా ఉన్నాయని, భోజనంలో చారు దొరికిందని మెచ్చుకున్నారు. వాళ్ల స్నేహితులు అడిగారు, వాళ్లనీ తీసుకెళ్లాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నోటిమాట మీద జరిగిపోతున్న పనికి ఒక బ్రోచరు ఉంటే ఎంత దర్జాగా ఉంటుందో అన్న పురుగు నా బుర్రలో దూరింది. ఆ బ్రోచరు అట్ట మీద విశ్వనాథుడి గోపురం, దాని ముందు పట్టుపంచెలో నేను. అసలు కోరిక ఆ ఫొటోదే. యాత్రలన్నీ వంక.

విజయవాడలో తెలిసినవాళ్లు చెప్పిన ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్లాను. ఓనరు పెద్దమనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. ఏ4 కాగితం, మూడు మడతలు, రెండువైపులా మల్టీకలరు అని చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమందికి పంచుతారు మాస్టారూ?"

ఎంత చక్కటి ప్రశ్న! దానికి నా దగ్గర జవాబుంది కూడా. పాత యాత్రికుల అడ్రసులు, నాతో పనిచేసిన టీచర్లు, గుళ్లలో తెలిసినవాళ్లు, అంతా కలిపి ఏడొందలు దాటరు. ఆ మాటే చెప్పి వెయ్యి వేయించుకుని వచ్చేసుంటే ఇప్పుడు మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు. నేనేం అన్నాను? "అది తర్వాత చూద్దాం గానీ, ఎన్నైతే ఎంత పడుతుందో చెప్పండి" అన్నాను.

ఆయన పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ముందు సెటప్పు ఖర్చు. నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు, ఒక్కోటి 400 చొప్పున 1,600. మిషను మీద ప్లేట్లు బిగించి రంగులు కుదిరేదాకా పట్టే టైము, పాడయ్యే కాగితం కలిపి 1,400. ఫైలు సరిచేసి ప్రూఫు తీసిచ్చినందుకు 1,000. మొత్తం 4,000. ఇది వెయ్యి వేసినా ఇంతే, పదివేలు వేసినా ఇంతే. తర్వాత కాపీ ఖర్చు. 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరుకి రూపాయి పది పైసలు, అచ్చుకి అరవై పైసలు, మడతకి ముప్పై పైసలు. కాపీకి సరిగ్గా రెండు రూపాయలు. జీఎస్టీ దీనిమీద వేరే.

రెండువైపులా అచ్చంటే ఎనిమిది ప్లేట్లు కావాలి కదా అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. ఆయన చేతిలో కాగితం తిప్పి చూపించాడు. ముందువైపు, వెనకవైపు రెండూ ఒకే ప్లేటు మీద పక్కపక్కన పెడతారట. పెద్ద షీటు ఒకవైపు అచ్చయ్యాక తిరగేసి, మళ్లీ అవే ప్లేట్లతో రెండోవైపు వేస్తారు. మధ్యకి కోస్తే రెండు బ్రోచర్లు, దేని వెనక దానిది వచ్చేసి ఉంటుంది. వర్క్ అండ్ టర్న్ అంటారట. పైసా అడక్కుండానే ఆయన నాకు నాలుగు ప్లేట్ల డబ్బు మిగిల్చాడు. అలాంటి మనిషిని పట్టుకుని నేను చేసింది చూడండి.

కాగితం మీద ఆయన వేసిన లెక్క ఇదీ. వెయ్యి కాపీలైతే మొత్తం 6,000, అంటే కాపీ ఆరు రూపాయలు. రెండువేలైతే 8,000, కాపీ నాలుగు. ఐదువేలైతే 14,000, కాపీ రెండు రూపాయల ఎనభై పైసలు. పదివేలైతే 24,000, కాపీ రెండు నలభై.

ఆరు రూపాయల వస్తువు రెండు ఎనభైకి! నా కళ్లకి ఇంకేమీ కనపడలేదు. వెయ్యి వేయించుకునేవాడు వెర్రివాడని ఆ క్షణంలోనే తేల్చేశాను. ఐదువేలు వేయిస్తే కాపీకి మూడు రూపాయల ఇరవై పైసలు మిగులు, ఐదువేల కాపీల మీద పదహారు వేలు లాభం! ఖర్చుపెట్టేది పధ్నాలుగు వేలు, లాభం పదహారు వేలు. ఇలాంటి లెక్క వేసిన కుర్రాళ్లని నేను బెంచీ ఎక్కించేవాణ్ణి.

ఎక్కించేవాణ్ణి అంటే, ముప్పై ఏళ్లకి పైగా బోర్డు మీద సరళరేఖ గీసి చెప్పినవాణ్ణి. నాలుగు వేలు ప్లస్ రెండు ఇంటూ ఎన్ని కాపీలైతే అన్ని. ఒకే ఒక్క కాపీ కావాలంటే దాని ధర నాలుగు వేల రెండు రూపాయలు. కాపీల సంఖ్య పెరిగేకొద్దీ ఆ నాలుగు వేలు పంచుకునే తలకాయలు పెరుగుతాయి, తలకి పడే వాటా తగ్గుతుంది. అయితే ఆ తగ్గడం మొదట్లోనే జోరు. వెయ్యి నుంచి రెండువేలకి వెళితే రేటు రెండు రూపాయలు పడింది. ఐదువేల నుంచి పదివేలకి వెళితే పడింది నలభై పైసలు. రెండు రూపాయల కిందకి ఎన్ని లక్షలు వేసినా దిగదు, ఎందుకంటే కాగితం, అచ్చు, మడత ప్రతి కాపీకీ పడాల్సిందే. ఇక రేటు ఎంత కిందకి జారినా, జేబులోంచి పోయే మొత్తం పైకే పోతుంది. వెయ్యికి ఆరు వేలు, ఐదువేలకి పధ్నాలుగు వేలు. ఇంత తేలిక లెక్క నా ముందున్న కాగితం మీదే ఉంది. నేను కుడిచేతి వైపు వరస మాత్రమే చదివాను. మీరైనా అదే చదువుతారు, ఒట్టు.

"ఐదువేలు వేసేయండి" అన్నాను, ఏదో ఊరికి ఉపకారం చేస్తున్నట్టు.

"మాస్టారూ, తేదీలు, రేట్లు ఉన్న బ్రోచరు కదా, అన్ని ఎందుకు?" అన్నాడాయన.

"పడుంటాయి" అన్నాను. ఈ మాటకి నిలువుటద్దమంత ఫ్రేము కట్టించి మా హాల్లో తగిలిస్తానని మా ఆవిడ అప్పుడప్పుడూ అంటుంది.

ఇంతటితో లేచి వచ్చేస్తే పధ్నాలుగు వేలతో పోయేది. లేవబోతుంటే బల్ల మీద ఇంకెవరిదో బ్రోచరు కనిపించింది. ఏదో విల్లాల వెంచరుది. చేతిలోకి తీసుకున్నాను. మందంగా, చల్లగా, ముట్టుకుంటే పట్టుచీరలా ఉంది. "ఇదేంటండీ?" అన్నాను. 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, రెండువైపులా మ్యాట్ లామినేషన్ అన్నాడు. అది చూశాక 170 శాంపిలు పట్టుకుంటే నీరసంగా వేలాడుతున్నట్టు అనిపించింది. పట్టుపంచె ఫొటోని అంత పల్చటి కాగితం మీద ఎలా వేస్తాం!

జీఎస్ఎం అంటే మరేం లేదు, ఆ కాగితం ఒక చదరపు మీటరుంటే ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. అంచేత జీఎస్ఎం అంకెని పదహారుతో భాగిస్తే ఒక ఏ4 బరువు వస్తుంది. 170దైతే పదిన్నర గ్రాముల చిల్లర. 300దైతే పద్దెనిమిది ముప్పావు. ఈ భాగహారం నేను పోస్టాఫీసులో నిలబడి చేశాను. ప్రెస్సులో కూర్చుని చేయాల్సింది.

ఆయన మళ్లీ లెక్క రాశాడు. ఈసారి చేయి కాస్త బరువుగా కదిలింది. కార్డుకి రెండు రూపాయలు, అచ్చుకి ఎప్పట్లా అరవై పైసలు, రెండువైపుల లామినేషనుకి రూపాయి అరవై, క్రీజింగూ మడతా కలిపి ఎనభై పైసలు. కాపీ ఐదు రూపాయలు. సెటప్పులో క్రీజింగు కోసం ఇంకో వెయ్యి కలిసింది. క్రీజింగు ఎందుకంటే, మందపాటి కార్డుని నేరుగా మడిస్తే మడత దగ్గర పై పొర పగిలి, లోపలి తెలుపు బయటికొస్తుంది. ముదురు రంగు అచ్చు మీదైతే అది మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకని మడత పడే చోట ముందుగానే గీతలా నొక్కి పల్లం చేస్తారు. 170 పేపరుకి ఈ గొడవ లేదు, మడత మిషనులో వేస్తే అదే మడుచుకుని వస్తుంది.

ఐదువేల కాపీలు, ఐదేసి రూపాయలు, పాతికవేలు. సెటప్పు ఐదువేలు. వెరసి ముప్పైవేలు. కాపీ ఎంత పడిందో చూడండి. ఆరు రూపాయలు.

అవును, ఆరే. వెయ్యి కాపీల దగ్గర ఏ ఆరు రూపాయలు చూసి వెర్రివాళ్ల బేరం అన్నానో, ఆ ఆరు రూపాయల దగ్గరికే తిరిగి వచ్చి, ఈసారి ఐదువేల కాపీలకి కడుతున్నాను. ఓనరు నా మొహంకేసి చూశాడు. పాపం, లెక్క నాకు అర్థమవుతుందని ఆశపడ్డాడేమో. నేను ఫోనులో అడ్వాన్సు కొట్టేశాను.

డిజైను మా మేనల్లుడిది. "మావయ్యా, మూడు భాగాలూ ఎంతెంత పెట్టను?" అని అడిగాడు. "ఇందులో అడగడానికేముందిరా, 297 మిల్లీమీటర్లు బై మూడు, 99" అన్నాను లెక్కల మాస్టారి దర్పంతో. వాడు అలాగే పెట్టాడు. లోపలికి మడిచే రెక్క మిగతా రెండింటికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువుండాలని, 100, 100, 97 అలా పెడతారని మా ఇద్దరికీ తెలీదు. తెలిసిన ఓనరు అడగబోతే, "ఫైలు ఫైనల్ అండీ, ఏమీ మార్చొద్దు" అని ముందే వాట్సాప్ పెట్టాను.

అచ్చు చూడ్డానికి రమ్మంటే వెళ్లాను. ఆ కాసేపు మాత్రం నేను నిజంగా ఏదో ఒకటి నేర్చుకున్నాను. మిషను మొదలెట్టగానే వచ్చిన షీటులో నా మొహం రెండుగా ఉంది. నీలం మొహం ఒకచోట, దానికి వెంట్రుకవాసి పక్కన ఎర్ర మొహం. తెలుగు అక్షరాల ఒత్తులకి అంచున గులాబీ నీడ. మిషనుమాన్ కంగారేమీ పడలేదు. షీటు అంచున ప్లస్ గుర్తులుంటాయి, నాలుగు రంగులవీ ఒకదాని మీద ఒకటి పడాలి. కంటికి చిన్న భూతద్దం పెట్టుకుని ఆ గుర్తు చూస్తాడు, మిషను దగ్గరికెళ్లి ఏదో తిప్పుతాడు, ఇంకొన్ని షీట్లు వదులుతాడు, మళ్లీ చూస్తాడు. గుర్తు ఒకటే అయింది. తర్వాత రంగు పాళ్లు. పంచె మరీ పచ్చగా వచ్చింది, తగ్గించాడు. మొహం పాలిపోయింది, కొద్దిగా పెంచాడు. ఇదంతా అయ్యేసరికి పక్కన పాడైన షీట్ల దొంతర ఒకటి తయారైంది. సెటప్పు ఛార్జీ అంటే ఏదో ఊరికే రాసే అంకె కాదని, నా మొహం రెండు కాకుండా ఒకటి కావడానికి అయిన ఖర్చని కళ్లారా చూశాను. ఇదంతా వెయ్యి కాపీల వాడికీ చేయాల్సిందే, పదివేల వాడికీ చేయాల్సిందే.

ఇక్కణ్ణుంచి కథ పరుగులే, పట్టుకోండి.

మడతలయ్యాక ఒక కాపీ చేతిలో పెట్టారు. లోపలి రెక్క మూసుకోదు. మూస్తే మధ్యలో ఉబ్బుతుంది, వదిలితే తలుపులా తెరుచుకుంటుంది. 99 మిల్లీమీటర్ల రెక్క 99 మిల్లీమీటర్ల సందులో మడత మందంతో సహా ఇమడాలంటే ఎక్కడ ఇముడుతుంది! పల్చటి కాగితమైతే ఎలాగో సర్దుకునేదేమో. 300 కార్డు సర్దుకోదు. ఐదువేల బ్రోచర్లూ నోళ్లు తెరుచుకుని నాకేసి చూశాయి. ఓనరు "మాస్టారూ..." అని ఆగిపోయాడు. నేను "అలా ఉంటేనే జనానికి తెరవబుద్ధేస్తుంది" అన్నాను. ఇంత వెంటనే అబద్ధం ఎలా పుట్టిందో నాకే ఆశ్చర్యం.

తర్వాత డెలివరీ. లామినేషను పొరతో కాపీ ఇరవై గ్రాములు దాటింది, ఐదువేలు వంద కిలోల పైమాట. 170 పేపరు మీద వెయ్యి వేయించుకుంటే పదకొండు కిలోలు, ఒక సంచిలో పెట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు అట్టపెట్టెలు కట్టించి పార్సిలు ఆఫీసులో వేయించాల్సి వచ్చింది. కిరాయి ఒకటి, అక్కడ ఎక్కించే హమాలీ ఒకటి, ఇక్కడ దించే హమాలీ ఒకటి, డోర్ డెలివరీ లేదు కాబట్టి గోడౌను నుంచి ఇంటికి ఆటో ఒకటి, మేడమెట్లు ఎక్కించినందుకు ఆటో అబ్బాయికి ఇంకోటి. పదిహేను వందలు వదిలాయి. ప్రెస్సులో రాసిన లెక్కలో ఇందులో ఒక్క పైసా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే వాళ్ల రేటు వాళ్ల గుమ్మం వరకే. అడగాల్సింది మనం.

పెట్టెలు హాల్లో దిగాయి. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "ఏవండీ, మనూళ్లో ఇంతమంది కాశీ వెళ్తారా?" అంది.

ఆ వారంలోనే అసలు దెబ్బ. కార్తీకమాసం యాత్రకి బయల్దేరే తేదీ బ్రోచరు మీద నిలువెత్తు అంకెల్లో వేయించాను. రైలు రిజర్వేషను అరవై రోజుల ముందుగానీ తెరవరని తెలుసు, బ్రోచరేమో నాలుగు నెలల ముందే అచ్చేయించాను. తేదీ చేతిలో లేకుండానే తేదీ వేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? కనీసం ఆ తేదీ ఖాళీగా వదలమని మేనల్లుడు అన్నాడు. ఖాళీగా వదిలితే హుందాగా ఉండదన్నాను. తీరా ఆ రోజు మా వాళ్లలో సగంమందికి ఏదో పెళ్లి తగిలింది. తేదీ వారం జరపక తప్పలేదు. తేదీ జరిగితే రూముల రేటు మారింది, దాంతో టికెట్టు ధరా మారింది.

"దానికేముంది, రబ్బరు స్టాంపు కొట్టేద్దాం" అన్నాను. కొత్త తేదీతో స్టాంపు చేయించాను. ఉత్సాహంగా మొదటి కాపీ మీద గుద్దాను. చక్కగా పడింది. రెండోది, మూడోది, పదోది. చిన్న దొంతర అయ్యాక తీసి చూస్తే మొదటి కాపీ తేదీ రెండో కాపీ వీపు మీద ఉంది, రెండోదాని తేదీ మూడోదాని మీద, నా అరచేతి మీద అన్ని తేదీలూ ఉన్నాయి. లామినేషను అంటే కాగితం మీద వేసిన ప్లాస్టిక్ పొర. సిరా పీల్చుకోవడానికి అక్కడ కాగితమే లేదు. గాలికి ఆరుతుందని ఫ్యాను పెట్టాను. మర్నాటికీ వేలు పెడితే అంటుకుంది. బాల్ పెన్నుతో దిద్దుదామంటే పెన్ను జారిపోతుంది, గీత పడదు. అదే లామినేషను లేని కాగితమైతే కొట్టిన స్టాంపు కొట్టినట్టు ఆరిపోయేది. దర్జా కోసం రూపాయి అరవై పెట్టి నేను కొనుక్కున్నది, తప్పు దిద్దుకునే వీలు లేకుండా చేసే పొర.

చివరికి స్టిక్కర్లు. కాపీ రూపాయి చొప్పున పదిహేను వందల స్టిక్కర్లు వేయించాను. మిగతా మూడున్నరవేల కాపీలకి ఎందుకు వేయించలేదని అడక్కండి, అప్పటికి నాకు కొంచెం లెక్కలు రావడం మొదలైంది. ఇంటిల్లిపాదీ కూర్చుని అంటించాం. స్టిక్కరు పడింది ఎక్కడో తెలుసా? తేదీ నా పట్టుపంచె పక్కనే ఉంది. కొన్ని కాపీల్లో స్టిక్కరు కాస్త పక్కకి జరిగి నా చేయి మాయమైంది. మేనల్లుడి కూతురు అంటించినవాటిలో మొహమే లేదు, బయల్దేరు తేదీ ఉంది.

అడ్రసులున్న ఐదువందల మందికి పోస్టులో పంపుదామని కవర్లలో పెట్టి పోస్టాఫీసుకి వెళ్లాను. ఒక్కో కవరుకి ఐదు రూపాయల స్టాంపు అనుకున్నాను. కౌంటరు దగ్గరావిడ ఒక కవరు తూచి, "ఇరవై ఆరు గ్రాములు సార్. ఇరవై దాటితే పది రూపాయలు" అంది. నేను చెప్పిన ఆ పదహారు భాగహారం ఇక్కడ చేశాను. 170 పేపరైతే పదిన్నర గ్రాములు, కవరు ఐదు గ్రాములు, పదహారుకి అటూఇటూ, ఐదు రూపాయల్లో పోయేది. నా కార్డు పద్దెనిమిది ముప్పావు, లామినేషను రెండు గ్రాములు, కవరు ఐదు. ఆ పట్టుచీర మెత్తదనానికి ఒక్కో కవరు మీద ఐదేసి రూపాయలు, ఐదువందల కవర్లకి రెండున్నరవేలు అదనం. కాగితం ధరలో తేడా ప్రెస్సులో తొంభై పైసలే. పోస్టాఫీసులో అది ఐదు రూపాయలైంది. కాగితం ఎంచుకునేటప్పుడు పక్కన చిన్న తూకం ఒకటి పెట్టుకోవాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా విని ఉండేవాణ్ణి కాదనుకోండి.

సీజనయ్యాక ఒకరోజు రాత్రి నిద్రపట్టక, ఎవరూ చూడకుండా లెక్క వేశాను. అచ్చుకి ముప్పైవేలు. తెప్పించుకోవడానికి పదిహేను వందలు. స్టిక్కర్లకి పదిహేను వందలు. పోస్టుకి ఐదువేలు. ముప్పై ఎనిమిది వేలు, జీఎస్టీ కలపకుండా. ఇందులో మనుషుల చేతికి చేరినవి ఎన్ని? పోస్టులో ఐదువందలు, నేను చేత్తో ఇచ్చినవి రెండువందలు. ఏడువందలు. ముప్పై ఎనిమిది వేలని ఏడువందలతో భాగించాను. కాపీ యాభై నాలుగు రూపాయలు.

ఆ వెర్రివాడి వెయ్యి కాపీలైతే? అచ్చుకి ఆరువేలు, బస్సులో మోసుకొస్తే డెలివరీ సున్నా, ఐదువందల కవర్లకి రెండున్నరవేలు. మొత్తం ఎనిమిదిన్నరవేలు. అదే ఏడువందల మందికి కాపీ పన్నెండు రూపాయల చిల్లర. రేటు కట్టాల్సింది అచ్చయినవాటి మీద కాదు, అవతలివాడి చేతిలో పడ్డవాటి మీద అన్నమాట. ఆ మాట గోడ గడియారానికి చెప్పి పడుకున్నాను.

మిగిలిన నాలుగువేల మూడొందల బ్రోచర్లు మంచం కింద, అటక మీద, దేవుడి గది పక్కన సర్దుకున్నాయి. మా ఆవిడ కొన్నిటిని అలమరాలో డబ్బాల కింద పరిచింది. లామినేషను కదా, నూనె మరక పడితే తుడిస్తే పోతుంది. ఈ సుగుణం ఒక్కటే మాకు ఉపయోగపడింది. ఇప్పుడు మా వంటింట్లో పసుపు డబ్బా ఎత్తితే కింద నేనుంటాను, నవ్వుతూ.

మిగతావి పాత పేపర్లబ్బాయికి వేద్దామని పిలిచాను. తొంభై కిలోల దాకా ఉంటుంది, ఎంతో కొంత వస్తుందని ఆశ. అతను ఒక బ్రోచరు తీసి మూల దగ్గర చించాడు. కాగితం చిరిగింది, పొర సాగింది. "ఇది ప్లాస్టిక్ కాగితం సార్. మిల్లువాళ్లు తీసుకోరు" అన్నాడు. న్యూస్ పేపరు రేటులో సగమైనా ఇమ్మన్నాను. "పాత పేపర్లుంటే చెప్పండి సార్, వాటితో కలిపి పట్టుకెళ్తాను, దీనికి డబ్బులు మాత్రం రావు" అని మర్యాదగా చెప్పాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఈ ఏడాది మళ్లీ యాత్ర ఉంది. మళ్లీ అదే ప్రెస్సుకి ఫోను చేశాను. ఆయన నన్ను మర్చిపోతాడా! ఈసారి బుద్ధిగా మాట్లాడాను. బ్రోచరులో తేదీ, ధర లేకుండా ఊళ్లు, సదుపాయాలు, ఫోను నంబరు మాత్రమే వేస్తాను. అది ఏడాది తర్వాతైనా పనికొస్తుంది. తేదీలూ రేట్లూ వేరే చిన్న చీటీ మీద, ఒకే రంగులో, మామూలు మాప్లిథో కాగితం మీద. మారితే ఆ చీటీ మళ్లీ వేయించుకోవచ్చు, ఒకే ప్లేటు ఖర్చు. రెక్క 97. లామినేషను వద్దు. తూకం చూసి మరీ 130 జీఎస్ఎం అన్నాను.

"ఎన్ని మాస్టారూ?" అన్నాడు.

"మూడొందలైతే?"

"మూడొందలకి ఆఫ్‌సెట్ ఎందుకండీ, డిజిటల్లో తీయించుకోండి. ప్లేట్లుండవు, కాపీ పన్నెండు పడుతుంది, మూడువేల ఆరొందల్లో అయిపోతుంది. ఇక్కడైతే నాలుగువేల ఆరొందలు అవుతుంది. నాలుగొందల దగ్గర రెండూ సమానం. ఆ పైనైతే నా దగ్గరికి రండి."

తన బేరం పోగొట్టుకునే సలహా ఇచ్చే మనిషిని ఇంకెక్కడ చూస్తాం? నాకు నిజంగా కావాల్సినవి ఆరొందలు. రెండు రూపాయల లెక్కనే వేసుకుంటే నాలుగువేలు ప్లస్ పన్నెండొందలు, ఐదువేల రెండొందలు. అక్కడే ఆగాలి. ఆగలేదు. వెయ్యైతే ఆరువేలు కదా! ఎనిమిదొందలు ఎక్కువ పెడితే నాలుగొందల కాపీలు. పైగా కాపీ ఎనిమిది రూపాయల డెబ్భై పైసల నుంచి ఆరు రూపాయలకి దిగుతుంది. నా గొంతు నాకు తెలీకుండానే "వెయ్యి" అనేసింది.

ఫోను పెట్టేశాక మా ఆవిడ కూరగాయలు తరుగుతూనే అడిగింది, "ఆ నాలుగొందలూ ఎవరికిస్తారు?"

ఇంకా ఆలోచిస్తున్నాను. ప్లేట్లు శుక్రవారం వేస్తారట, అప్పటిదాకా మార్చుకోవచ్చు.